దద్దు లేదు, క్రియాటినిన్ మామూలే: మరి ఈ దురద ఎక్కడిది?

క్లుప్తంగా: నడివయసు ఆడవాళ్లలో నెలల తరబడి దురద, నీరసం ఉండి, చర్మం మీద మచ్చలేమీ లేకపోతే కాలేయాన్ని కూడా చూడాలి. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అనే జబ్బులో కామెర్లు చాలా ఆలస్యంగా వస్తాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఏఎల్‌పీ అనే చిన్న రక్తపరీక్ష పెరిగి ఉంటుంది. ఏఎంఏ పరీక్షతో జబ్బు ఖాయమవుతుంది. అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు జబ్బు ముదరకుండా అడ్డుకుంటాయి కానీ దురదను, నీరసాన్ని తగ్గించే మందులు కావు. ఈ తేడా తెలియకే చాలామంది మాత్రలు మధ్యలో మానేస్తుంటారు.

ఉద్దానంలో దురద అంటే

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఎవరికైనా నీరసంగా ఉందన్నా, ఒళ్లంతా దురదగా ఉందన్నా ఇంట్లోవాళ్ల మనసు ముందు కిడ్నీల మీదికే పోతుంది. అందులో తప్పులేదు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఆ పల్లెల్లో ఎన్నో ఇళ్లను కుదిపేసింది. క్రియాటినిన్ అనే మాట అక్కడ చదువు రాని వాళ్లకు కూడా తెలుసు. పరీక్ష చేయిస్తారు, 0.8 అని వస్తుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. దురద మాత్రం అలాగే ఉంటుంది.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. కిడ్నీ జబ్బులో దురద సాధారణంగా క్రియాటినిన్ బాగా పెరిగాక, కిడ్నీల పని చాలావరకు తగ్గిపోయాక వస్తుంది. క్రియాటినిన్ మామూలుగా ఉంటే దురదకు కిడ్నీ కారణం కాదని దాదాపుగా తేలినట్టే. అంటే ఆ రిపోర్టుతో వెతుకులాట ముగియకూడదు, మరో వైపు మళ్లాలి. కానీ చాలాసార్లు భయం తీరడంతో వెతకడం కూడా ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ

వివరణ కోసం ఒక కేసు ఊహించుకుందాం. పలాస దగ్గర జీడి కార్ఖానాలో పనిచేసే 48 ఏళ్ల మహిళ. బరువు 54 కిలోలు. ఏడాదిన్నరగా అరచేతులు, అరికాళ్లు దురద. పగలు పనిలో పడితే అంతగా తెలియదు. రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. దుప్పటి కప్పుకుంటే ఇంకా ఎక్కువ. చన్నీళ్లలో కాళ్లు పెట్టుకుంటే కాస్త ఊరట. మధ్యాహ్నానికల్లా ఒళ్లు బరువెక్కిపోతుంది. ‘నెలసరి ఆగే వయసు కదా, అలాగే ఉంటుంది’ అని చుట్టుపక్కల వాళ్లు సర్దిచెప్పారు.

మొదట అందరూ జీడి రసం అనుకున్నారు. పిక్క పెంకులో ఉండే ఆ నల్లటి జిడ్డు చర్మానికి తగిలితే కాలుతుంది, బొబ్బలెక్కుతుంది, తోలు నల్లబడి ఊడుతుంది. అందుకే పిక్కలు ఒలిచే వాళ్లు చేతులకు నూనో బూడిదో రాసుకుంటారు. అయితే జీడి రసం తగిలిన చోట గుర్తు మిగులుతుంది. అది చేతుల దగ్గరే ఉంటుంది, అరికాళ్లకు పోదు. నాలుగు వారాలు పని మానితే తగ్గుతుంది. ఈమె పండక్కి పుట్టింటికి వెళ్లి నెల రోజులున్నా దురద తగ్గలేదు. చర్మం మీద గోళ్లతో గీరుకున్న చారలు తప్ప మరేమీ లేవు.

తర్వాత గజ్జి అనుకుని ఒళ్లంతా పూసుకునే మందు ఇచ్చారు. గజ్జి దురద కూడా రాత్రిళ్లే ఎక్కువవుతుంది కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. కానీ గజ్జి వేళ్ల సందుల్లో, మణికట్టు మీద చిన్న చిన్న పొక్కులుగా కనిపిస్తుంది. పక్కన పడుకునే పిల్లలకో భర్తకో అంటుకుంటుంది. ఈ ఇంట్లో గోక్కుంటున్నది ఈమె ఒక్కతే. అలర్జీ మాత్రలు వేసుకుంటే నిద్ర పట్టేది, దురద మాత్రం పోయేది కాదు.

చివరికి లివర్ పరీక్షల్లో ఒక్క అంకె తేడాగా వచ్చింది. బిలిరుబిన్ 0.7, అంటే కామెర్లు లేవు. కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 58, కొంచెం ఎక్కువ. ఆల్బుమిన్ 4.1, బాగుంది. ఏఎల్‌పీ మాత్రం 340. ఆ ల్యాబ్‌లో గరిష్ఠ హద్దు 120. అంటే హద్దుకు దాదాపు మూడు రెట్లు.

కాలేయం లోపల ఏం జరుగుతోంది

మన వాడుకలో ‘పైత్యం చేసింది’ అంటే కళ్లు తిరగడం, వికారం. ఇక్కడ చెప్పే పైత్యరసం అది కాదు. కొవ్వు అరగడానికి కాలేయం రోజుకు అర లీటరుకు పైగా తయారుచేసే పచ్చని ద్రవం ఇది. కాలేయ కణాల మధ్య నుంచి బయల్దేరి, తల వెంట్రుకంత సన్నటి గొట్టాల్లోంచి పెద్ద గొట్టాలకు, అక్కడి నుంచి పేగుకు చేరుతుంది. పొలంలో పిల్ల కాలువల నీళ్లు పెద్ద కాలువలో కలిసినట్టు అన్నమాట.

ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్‌లో ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ పిల్ల కాలువల గోడల మీద దాడి చేస్తుంది. పెద్ద గొట్టాలు బాగానే ఉంటాయి. అందుకే అల్ట్రాసౌండ్‌లో ఏ అడ్డూ కనిపించదు, ‘లివర్ నార్మల్’ అనే రిపోర్టు వస్తుంది. సన్నటి గొట్టాలు ఒక్కొక్కటిగా పాడవుతుంటే పైత్యరసం వెనక్కి నిలిచి, చుట్టూ ఉన్న కాలేయ కణాలను దెబ్బతీస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మచ్చ కట్టి, కాలేయం గట్టిపడుతుంది, అదే సిర్రోసిస్. మిగిలిన గొట్టాలు చాలాకాలం పని నెట్టుకొస్తాయి. అందువల్లే కళ్లు పచ్చబడటం ఆఖరి దశల్లో గానీ జరగదు. కామెర్లు కనిపించేదాకా ఆగడమంటే జబ్బుకు పదేళ్లు అప్పనంగా ఇచ్చినట్టే కావచ్చు.

ఈ జబ్బు వచ్చేవాళ్లలో పది మందికి తొమ్మిది మంది దాకా ఆడవాళ్లే, అదీ ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య. కొంత వంశపారంపర్య ధోరణి ఉంటుంది. పొగతాగడం, తరచూ మూత్రంలో ఇన్ఫెక్షన్లు రావడం వంటివి దీంతో ముడిపడి కనిపిస్తాయి. థైరాయిడ్ లోపం, కళ్లు నోరు ఎండిపోయే షోగ్రెన్ జబ్బు కూడా తోడుగా ఉండొచ్చు. మందుతాగుడుకూ దీనికీ సంబంధం లేదు.

ఈ చివరి మాట నొక్కి చెప్పాల్సినది. ఈ జబ్బును 2015 దాకా ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్ అనేవారు. సిర్రోసిస్ అనగానే మన దగ్గర ‘తాగితాగి లివర్ పాడైంది’ అనే అర్థమే ముందు తోస్తుంది. ఒక్క చుక్క ముట్టని ఆడమనిషికి ఆ పేరు ఎంత అవమానమో వేరే చెప్పక్కర్లేదు. పైగా తొలి దశలో కనిపెట్టిన వాళ్లలో చాలామందికి సిర్రోసిస్ ఉండనే ఉండదు. రోగుల సంఘాలు పట్టుబట్టడంతో పేరులో సిర్రోసిస్ తీసేసి, గొట్టాల వాపు అనే అర్థం వచ్చే కొలాంజైటిస్ పెట్టారు. పాత రిపోర్టుల్లో, పాత పుస్తకాల్లో మాత్రం పాత పేరే ఉంటుంది. రెండూ ఒకే జబ్బు.

ఏఎల్‌పీ ఒక్కటే పెరిగితే

ఏఎల్‌పీ అంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. పైత్యరసం పారకుండా నిలిచినప్పుడు కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. చిక్కేమిటంటే ఎముకల్లోంచి కూడా ఇది వస్తుంది. 48 ఏళ్ల మహిళకు ఏఎల్‌పీ పెరిగితే ‘ఎముకలు బలహీనం’ అని కాల్షియం మాత్రలు రాసి పంపేయడం తరచుగా జరిగే పొరపాటు. విటమిన్ డి తక్కువైతే ఎముక వైపు నుంచి ఏఎల్‌పీ పెరిగే మాట నిజమే కాబట్టి ఆ ఆలోచన పూర్తిగా తప్పు కాదు, సగమే.

రెండింటినీ వేరు చేయడానికి జీజీటీ అనే పరీక్ష చాలు. అది ఎముకల్లోంచి రాదు. ఏఎల్‌పీ, జీజీటీ రెండూ పెరిగితే మూలం కాలేయం వైపు. పలాస ఉదాహరణలో జీజీటీ 290 వచ్చింది, కాబట్టి దారి తేలిపోయింది.

ఆ తర్వాత అల్ట్రాసౌండ్ తప్పనిసరి. రాయి గానీ గడ్డ గానీ పెద్ద గొట్టాన్ని మూసేసినా ఇవే అంకెలు వస్తాయి. వాడుతున్న మందుల లెక్క కూడా తీయాలి. కీళ్లనొప్పులకని తెచ్చుకునే పేరు లేని పొట్లాలు, కామెర్లకని తాగే పసరు మందులు, కొన్ని యాంటీబయోటిక్‌లు పైత్యరసం ప్రవాహాన్ని ఆపగలవు. డాక్టర్ అడిగితే ‘మందులేమీ వాడట్లేదండీ’ అంటారు, ఎందుకంటే పసరు మందు చాలామంది దృష్టిలో మందు కిందికి రాదు. దాని గురించి విడిగా, పేరు పెట్టి అడగాల్సిందే.

ఏఎంఏ పరీక్ష చెప్పేది, చెప్పనిది

అడ్డు లేదు, మందుల వల్ల కాదు అని తేలాక చేయించేది ఏఎంఏ, అంటే యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ పరీక్ష. ఈ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 90 నుంచి 95 మందికి ఇది పాజిటివ్ వస్తుంది. ఈ యాంటీబాడీకీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1965లో లండన్‌లో డెబొరా డోనియాక్, షీలా షెర్లాక్ తదితరుల బృందం బయటపెట్టింది. అరవై ఏళ్లు దాటినా రోగనిర్ధారణకు ఇదే ఆధారం.

మైటోకాండ్రియా ప్రతి కణంలోనూ శక్తిని తయారుచేసే చిన్న భాగం. యాంటీబాడీ దాడి అందులోని పీడీసీ-ఈ2 అనే ప్రోటీన్ మీద. మరి ఒళ్లంతా ఉన్న ప్రోటీన్ మీద కోపం పైత్య గొట్టాల దగ్గరే ఎందుకు తేలుతుంది? ఇతర కణాలు చనిపోయేటప్పుడు ఈ ప్రోటీన్ రూపు మారిపోయి రక్షణ వ్యవస్థ కంటపడదు. పైత్య గొట్టం కణాలు చనిపోయేటప్పుడు మాత్రం అది చెక్కుచెదరకుండా బయటపడుతుందని పరిశోధనల్లో కనిపించింది. దాడి ఒక్క చోటే ఎందుకన్నదానికి ప్రస్తుతం ఉన్న బలమైన వివరణ ఇది.

రిపోర్టు రెండు రకాలుగా రావచ్చు. కొన్ని ల్యాబ్‌లు ఎలుక కణజాలం మీద సీరం వేసి సూక్ష్మదర్శినిలో మెరుపు చూస్తాయి. అలాంటప్పుడు ‘1:40’, ‘1:160’ అని రాస్తారు. 1:40 లేదా అంతకంటే ఎక్కువ పలుచన చేసినా మెరిస్తే పాజిటివ్. మరికొన్ని ల్యాబ్‌లు ఎం2 అనే పేరుతో ఎలైజా పద్ధతిలో అంకె ఇస్తాయి. రెండింటి అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక్కడ ఒక ఆచరణాత్మకమైన ఉచ్చు ఉంది. థైరాయిడ్‌కు చేసే యాంటీ మైక్రోసోమల్ యాంటీబాడీ పరీక్షను కూడా కొన్నిచోట్ల ఏఎంఏ అనే రాస్తారు. చీటీ మీద మూడక్షరాలు మాత్రమే ఉంటే వేరే పరీక్ష జరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ జబ్బుతో థైరాయిడ్ సమస్య కూడా కలిసి ఉండటం మామూలే కాబట్టి, ఆ తప్పుడు రిపోర్టు పాజిటివ్ వచ్చి మరింత తికమక పెట్టగలదు. చీటీలో ‘మైటోకాండ్రియల్’ అని పూర్తిగా రాయించుకోవడం, రిపోర్టు మీద అదే పేరుందో లేదో చూసుకోవడం తేలికైన జాగ్రత్త.

జబ్బు ఖాయం చేయడానికి మూడు ఆధారాల్లో రెండు ఉంటే చాలు: ఏఎల్‌పీ చాలాకాలంగా పెరిగి ఉండటం, ఏఎంఏ పాజిటివ్, కాలేయం ముక్క తీసి చూస్తే సన్నటి గొట్టాలు దెబ్బతిన్న గుర్తులు. మొదటి రెండూ ఉంటే చాలామందికి సూది గుచ్చి ముక్క తీసే అవసరం రాదు. ఏఎంఏ నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే ఎస్‌పీ100, జీపీ210 అనే మరో రెండు యాంటీబాడీలు చూస్తారు. ఎస్‌జీపీటీ హద్దుకు ఐదు రెట్లు దాటితే మాత్రం రక్షణ వ్యవస్థ కాలేయ కణాల మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కూడా కలిసి ఉందేమోనని, ముక్క తీసి చూసే ఆ బయాప్సీ అడుగుతారు, ఎందుకంటే దానికి వైద్యం వేరు.

ఏఎంఏ చెప్పనివి కూడా అంతే ముఖ్యం. 1:640 వచ్చినవాళ్లకు 1:80 వాళ్లకంటే జబ్బు ఎక్కువగా ఉందని కాదు. మందు వాడాక ఈ అంకె తగ్గిందా అని మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. ఏఎల్‌పీ మామూలుగా ఉండి ఏఎంఏ ఒక్కటే పాజిటివ్ వచ్చినవాళ్లకు వెంటనే మందు మొదలుపెట్టరు. అలాంటివాళ్లను ఫ్రాన్స్‌లో గమనించినప్పుడు ఐదేళ్లలో దాదాపు ఆరుగురిలో ఒకరికే జబ్బు బయటపడింది. ఏడాదికోసారి లివర్ పరీక్షలు చేయించుకుంటే వాళ్లకు సరిపోతుంది.

పలాస మహిళకు ఏఎంఏ 1:160 పాజిటివ్. ఏఎల్‌పీ ఆరు నెలలకు పైగా ఎక్కువగానే ఉందని పాత రిపోర్టు చెబుతోంది. మూడింట రెండు కుదిరాయి.

అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్: బరువును బట్టి మోతాదు

ఈ మందును డాక్టర్లు ముద్దుగా ‘అర్సో’ అంటారు. ఎలుగుబంటి పైత్యంలో ఎక్కువగా ఉండే ఆమ్లం కావడంతో లాటిన్‌లో ఎలుగుబంటికి ఉన్న పేరు దీనికి వచ్చింది. మన ఒంట్లోనూ ఉంటుంది కానీ మొత్తం పైత్య ఆమ్లాల్లో రెండు మూడు శాతం లోపే. మిగతావి సబ్బులాంటివి, నిలిచిపోతే కణాల పొరలను కరిగిస్తాయి. అర్సో ఆ గుణం లేనిది. రోజూ మాత్రగా వేసుకుంటే పైత్య ఆమ్లాల్లో దీని వాటా దాదాపు 40 శాతానికి చేరుతుంది. ఘాటైన ఆమ్లాలు పలచబడతాయి, పైత్యరసం పారకం పెరుగుతుంది, గొట్టాల గోడలకు రక్షణ పూత లాంటిది ఏర్పడుతుంది. 1987లో ఫ్రాన్స్ వైద్యుడు రౌల్ పూపాన్ బృందం 15 మందిపై ప్రయత్నించి ఫలితం కనిపించిందని ప్రకటించింది. పెద్ద పరీక్షల తర్వాత 1997లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది.

మోతాదు కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు. 54 కిలోలకు లెక్కవేస్తే 702 నుంచి 810 మధ్య. 300 మాత్రలు రెండు, 150 మాత్ర ఒకటి కలిపితే 750, సరిగ్గా హద్దుల్లో ఉంటుంది. ఇక్కడే రెండో తరచు పొరపాటు. చాలా చీటీల్లో ‘300, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి’ అని ఉంటుంది. 600ను 54తో భాగిస్తే 11 మాత్రమే. ఏడాది తర్వాత ‘మందు పనిచేయలేదు’ అనిపిస్తే, అది మందు లోపం కాకపోవచ్చు, మోతాదు లోపం కావచ్చు. బరువు 70 కిలోలు ఉన్నవాళ్లకు 600 అయితే తొమ్మిది కూడా దాటదు.

మాత్ర తిండితో వేసుకోవాలి. మొదట్లో కొందరికి విరేచనాలు పలచగా అవుతాయి. కొందరికి ఏడాదిలో రెండు మూడు కిలోలు పెరుగుతాయి, జుట్టు కాస్త ఊడుతుంది. పెద్ద ప్రమాదాలు అరుదు. పెట్టెలోని కాగితంలో ‘గాల్‌బ్లాడర్ రాళ్లు కరిగించడానికి’ అని ఉండటం చూసి తప్పు మందు ఇచ్చారేమోనని టెన్షన్ పడేవాళ్లుంటారు. ఆ అవసరానికీ ఇదే మందు వాడతారు, అంతే.

ఇది జీవితాంతం వాడాల్సిన మందు. అంకెలు బాగయ్యాయని మానేస్తే ఏఎల్‌పీ మళ్లీ పైకి వెళ్తుంది. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర లాగే దీన్నీ చూడాలి.

ఏడాది తర్వాత చూసే అంకె

ఉదాహరణలోని మహిళకు మూడు నెలలకు ఏఎల్‌పీ 340 నుంచి 235కు, ఆరు నెలలకు 190కి, ఏడాదికి 172కి వచ్చింది. దీన్ని ఎలా చదవాలి? ఎక్కువగా వాడే ఒక కొలత ప్రకారం ఏఎల్‌పీ గరిష్ఠ హద్దుకు 1.67 రెట్ల లోపు ఉండాలి, బిలిరుబిన్ మామూలుగా ఉండాలి. 120 హద్దుకు 1.67 రెట్లంటే 200. 172 దానికి లోపలే. ఇంకాస్త కఠినమైన కొలత 1.5 రెట్లు, అంటే 180. అదీ దాటలేదు. పూర్తిగా 120 లోపుకు రావడం ఇంకా మేలని ఇటీవలి ఆలోచన. అయినా ఈ ఫలితం బాగున్నట్టే. తొలి దశలోనే మొదలుపెట్టి ఇలా స్పందించినవాళ్ల ఆయుష్షు సాధారణ జనం ఆయుష్షుకు దగ్గరగా ఉంటుందని ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో తేలింది.

అందరికీ ఇలా జరగదు. మూడో వంతు నుంచి 40 శాతం మంది దాకా అర్సోకు సరిగా స్పందించరు. చిన్న వయసులో వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ. అప్పుడు రెండో మందు కలుపుతారు. మన దగ్గర ఎక్కువగా ఫైబ్రేట్ రకం మందులు వాడతారు. ఇవి అసలు కొలెస్ట్రాల్, ట్రైగ్లిసరైడ్ల కోసం వచ్చినవి. ఫ్రాన్స్‌లో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో అర్సోకు బెజాఫైబ్రేట్ కలిపినవాళ్లలో 31 శాతం మందికి లివర్ అంకెలన్నీ మామూలయ్యాయి. ఉత్తుత్తి మాత్ర కలిపినవాళ్లలో ఒక్కరికీ కాలేదు. అయితే ఫైబ్రేట్‌తో క్రియాటినిన్ పెరగొచ్చు. ఉద్దానం ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. మొదలుపెట్టే ముందు, తర్వాత క్రమం తప్పకుండా క్రియాటినిన్ చూడాలి, కిడ్నీ జబ్బు ఉంటే వేరే దారి వెతకాలి. 2024లో అమెరికాలో ఎలాఫిబ్రనార్, సెలాడెల్‌పార్ అనే కొత్త మందులకు అనుమతి వచ్చింది. అంతకు ముందు వచ్చిన ఒబెటికోలిక్ యాసిడ్ కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకు హాని చేస్తుందని తేలింది, అది దురదను కూడా పెంచేది.

దురదది వేరే దారి

అపార్థాలన్నింటిలోకీ బరువైనది ఇదే. ఏఎల్‌పీ సగానికి తగ్గింది, దురద తగ్గలేదు. ‘మందు పనిచేయట్లేదు’ అనుకుని మాత్రలు ఆపేసి, ఎవరో చెప్పిన నాటువైద్యుడి దగ్గరికి వెళ్లిపోతారు. అర్సో మొదటి నుంచీ దురద మందు కాదు. ఆ సంగతి మొదటి రోజే, మొదటి చీటీ రాసేటప్పుడే చెప్పకపోవడం వైద్యుల వైపు నుంచి జరిగే లోపం. దురద తీవ్రతకూ కాలేయం ఎంత దెబ్బతిందన్నదానికీ పొంతన ఉండదు. తొలి దశలోనే నిద్ర లేకుండా చేయొచ్చు, సిర్రోసిస్ ఉన్నా అసలు లేకపోవచ్చు.

దురదకు మొదటి మందు కొలెస్టిరమిన్ పొడి. నీళ్లలోనో మజ్జిగలోనో కలిపి తాగాలి. పేగులో పైత్య ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. రాత్రంతా గాల్‌బ్లాడర్‌లో నిల్వ ఉన్న పైత్యరసం పొద్దున్న టిఫిన్‌తో పేగులోకి దిగుతుంది కాబట్టి, టిఫిన్ వేళ చుట్టూ వేసుకుంటే గుణం బాగుంటుంది. కానీ ఈ పొడి ఎదురొచ్చిన మందులన్నింటినీ పట్టేసుకుంటుంది, అర్సోను కూడా. రెండూ కలిపి మింగితే అర్సో మలంలోకే పోతుంది. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పలాస మహిళకు కుదిరిన పద్ధతి ఇది: పొద్దున్న ఏడున్నరకు పొడి, మధ్యాహ్నం అన్నంతో అర్సో 300, రాత్రి అన్నంతో 450. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లకు ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా కుదర్చాలి.

దాంతో తగ్గకపోతే రిఫాంపిసిన్. ఇది టీబీ మందు. మెడికల్ షాపులో ఆ మాట వినగానే ఇంట్లో గుబులు మొదలవుతుంది. పైగా మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, కామెర్లు వచ్చాయని భయపడతారు. ఆ రంగు మందుది. అయితే కొద్దిమందిలో ఇదే మందు కాలేయాన్ని నిజంగానే దెబ్బతీస్తుంది కాబట్టి, మొదలుపెట్టిన కొన్ని వారాల్లో లివర్ పరీక్షలు మళ్లీ చేయించాలి. మూత్రం రంగు చూసి నిర్ణయించలేం, బిలిరుబిన్, ఎస్‌జీపీటీ చూసే నిర్ణయించాలి. ఆ తర్వాతి వరసలో నాల్ట్రెక్సోన్, సెర్ట్రలిన్ ఉన్నాయి. ఫైబ్రేట్‌లు కూడా దురద తగ్గిస్తాయని ఈమధ్య అధ్యయనాలు చూపాయి.

నీరసానికి మాత్ర లేదు, వెతకాల్సినవి ఉన్నాయి

ఈ జబ్బు తెచ్చే నీరసాన్ని తగ్గించే మందు ఇంతవరకూ రాలేదు. అర్సో దాన్ని తగ్గించదు. కాలేయ మార్పిడి తర్వాత కూడా కొందరిలో అది మిగిలే ఉంటుంది. అలాగని ‘జబ్బు వల్లే’ అని వదిలేస్తే మిగతా కారణాలు దాక్కుండిపోతాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి చూడాలి. దురదతో రాత్రుళ్లు నిద్ర ఎంత పోతోందో అడగాలి. మనసు కుంగిందేమో కూడా అడగాలి. పలాస ఉదాహరణలో హిమోగ్లోబిన్ 9.4. ఐరన్ మాత్రలతో అది 11 దాటాక, దురద తగ్గి నిద్ర పట్టాక, మధ్యాహ్నం ఒళ్లు బరువెక్కడం సగానికి తగ్గింది. మిగిలిన సగంతో ఆమె పనిని పొద్దున పూటకు మార్చుకుని సర్దుకోవాల్సి వచ్చింది.

పథ్యం గురించి ఒక మాట. లివర్ అనగానే నూనె, నెయ్యి, పప్పు, గుడ్డు, చేప అన్నీ మాన్పించి చారన్నం మీద ఉంచుతారు. సిర్రోసిస్ లేని దశలో అలాంటి పథ్యం అక్కర్లేదు. దానివల్ల కండ తగ్గి నీరసం పెరుగుతుంది. ఈ జబ్బులో ఎముకలు కూడా పలచబడతాయి కాబట్టి పాలు, పెరుగు, చేపలు మానడం రెండింతల నష్టం. కొలెస్ట్రాల్ ఎక్కువగా కనిపించినా ఈ జబ్బులో అది గుండెకు మామూలుగా చేసేంత చేటు చేయదు. దాని కోసం తిండి తగ్గించే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇకపై ఆమెకు ఆరు నెలలకోసారి లివర్ పరీక్షలు, ఏడాదికోసారి థైరాయిడ్, కాలేయం గట్టిదనం చూసే ఫైబ్రోస్కాన్ రెండు మూడేళ్లకోసారి ఉంటాయి. ఆ మధ్యలో బిలిరుబిన్ 2 దాటినా, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గుతూ పోయినా, పొట్టలో నీరు చేరినా, నల్లటి విరేచనం అయినా గడువు తేదీ కోసం ఆగకుండా విశాఖలోని కాలేయ నిపుణుల దగ్గరికి వెళ్లాలి. ఆమె అక్కచెల్లెళ్లకు, 30 దాటిన కూతురికి ఒక్కసారి ఏఎల్‌పీ చూస్తే చాలు. అది పెరిగి ఉంటేనే ఏఎంఏ అవసరం.